వేలితో పక్కకు తోసిన మెయిల్ ఎక్కడికి పోతుంది?

జీమెయిల్‌లో ‘స్టోరేజీ నిండిపోయింది’ అన్న హెచ్చరిక చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. ఇన్‌బాక్స్ తెరిస్తే పట్టుమని ఇరవై మెయిళ్లు కూడా ఉండవు. రోజూ వచ్చినవి వచ్చినట్టే వేలితో పక్కకు తోసేస్తున్నాం కదా, మరి జాగా ఎలా నిండిందన్నది వాళ్ల అనుమానం.

జవాబు ఆ తోయడంలోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లోని జీమెయిల్‌లో సెట్టింగులు మార్చకపోతే, అలా తోసిన మెయిల్ డిలీట్ కాదు, ఆర్కైవ్ అవుతుంది. ముందుగదిలోని సామాను అటక మీదికి చేర్చినట్టన్నమాట. కళ్లకు కనిపించదు కానీ ఇంట్లోనే ఉంటుంది. జీమెయిల్ చేసేదల్లా ఆ మెయిల్‌కున్న ‘ఇన్‌బాక్స్’ అనే లేబుల్ తీసేయడమే. మెయిల్ ‘ఆల్ మెయిల్’లో భద్రంగా ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. అవతలి వాళ్లు దానికి బదులిస్తే ఆ సంభాషణ మొత్తం మళ్లీ ఇన్‌బాక్స్‌లోకి వస్తుంది. స్థలం మాత్రం ఒక్క బైటు కూడా తగ్గదు. ఉచితంగా ఇచ్చే 15 జీబీని జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు కలిసి పంచుకుంటాయి కాబట్టి ఏళ్ల తరబడి ఆర్కైవ్ చేసినవన్నీ అందులోంచే తింటాయి.

అందుకని బీమా పాలసీ, టికెట్, ఆఫీసు ఉత్తర్వులాంటి మళ్లీ అవసరపడే కాగితాలకు ఆర్కైవ్ చక్కని పద్ధతి. పండగ ఆఫర్లకు కాదు. ఫోన్‌లోని జీమెయిల్ సెట్టింగులలో ‘మెయిల్ స్వైప్ యాక్షన్స్’ అనే చోట ఒక పక్కకు తోస్తే ఆర్కైవ్, రెండో పక్కకు తోస్తే డిలీట్ అయ్యేలా పెట్టుకోవచ్చు. ఇది అందరూ చేసుకోవలసిన మార్పని నా అభిప్రాయం.

డిలీట్ చేసినా జాగా వెంటనే రాదు. మెయిల్ ముందు ట్రాష్‌లోకి వెళ్లి 30 రోజులు ఉంటుంది. పొరపాటున తీసేసినదాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి ఇచ్చిన గడువు అది. ఆ గడువులోనూ అది 15 జీబీ లెక్కలోనే ఉంటుంది. స్పామ్ ఫోల్డర్‌కూ ఇదే లెక్క, ఇదే 30 రోజుల గడువు. ఆలోగానే స్థలం కావాలంటే ఆ రెండింటినీ మనమే ఖాళీ చేయాలి.

నిండిన ఖాతాను ఎక్కడ మొదలుపెట్టి ఖాళీ చేయాలి? ప్రకటనల మెయిళ్లను ఏరుకుంటూ కూర్చుంటే చేతులు నొప్పి పుడతాయి తప్ప జాగా రాదు. ఒక్కోటి 100 కేబీ అనుకుంటే, ఒక జీబీ రావడానికి పదివేల మెయిళ్లు తీసేయాలి. అదే 20 ఎంబీ వీడియోలున్న మెయిళ్లయితే యాభై చాలు. కాబట్టి కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి వెతికే గడిలో ఇలా టైప్ చేయండి:

```
has:attachment larger:10M older_than:2y
```

రెండేళ్లు దాటిన, 10 ఎంబీ కంటే పెద్దవైన జోడింపు మెయిళ్లు, ఆర్కైవ్ చేసినవి కూడా, వరుసగా కనిపిస్తాయి. ఒక జాగ్రత్త: జీమెయిల్ ఉత్తరప్రత్యుత్తరాలను ఒకే సంభాషణగా కట్టి చూపిస్తుంది. దాన్ని డిలీట్ చేస్తే మీరు పంపిన జవాబులూ దానితోనే పోతాయి. తెరిచి చూసి, కావలసిన ఫైలు దించుకుని, అప్పుడు తీసేయండి. చివర్లో ట్రాష్ ఖాళీ చేయండి. ఈ పని వాయిదా వేస్తూ పోతే ఖాతా పూర్తిగా నిండి కొత్త మెయిళ్లు రావడం ఆగిపోతుంది, పంపినవాళ్లకే తిరిగి వెళ్లిపోతాయి.

ఇక రేపు రాబోయే మెయిళ్ల సంగతి. ఒక దుకాణం మెయిల్‌ను వందసార్లు డిలీట్ చేసినా నూటొకటోది ఇన్‌బాక్స్‌కే వస్తుంది. ఆర్కైవ్ చేసినా అంతే. ‘రిపోర్ట్ స్పామ్’ నొక్కితే మాత్రం వ్యవహారం వేరు. మెయిల్ ప్రతి ఒకటి గూగుల్‌కు చేరుతుంది, ఆ చిరునామా నుంచి తర్వాత వచ్చేవి నేరుగా స్పామ్‌లో పడే అవకాశం పెరుగుతుంది. పంపినవాళ్ల మీదా ప్రభావం ఉంటుంది. రోజుకు 5,000కు పైగా మెయిళ్లు జీమెయిల్ ఖాతాలకు పంపే సంస్థలు స్పామ్ ఫిర్యాదులను 0.3 శాతానికి చేరనివ్వకూడదని 2024 నుంచి గూగుల్ నియమం పెట్టింది. దాటితే వాళ్ల మెయిళ్లు ఇతరుల ఇన్‌బాక్సులకూ సరిగా చేరవు. అందుకే మోసపు మెయిళ్లకు, అడగకుండా వచ్చిపడేవాటికి స్పామ్ నొక్కాలి. మనమే ఒకప్పుడు పేరిచ్చి తెప్పించుకున్నవాటికి ‘అన్‌సబ్‌స్క్రైబ్’ న్యాయమైన దారి.

విసుగులో బ్యాంకు ప్రకటనను స్పామ్ చేస్తే, అదే చిరునామా నుంచి వచ్చే స్టేట్‌మెంట్ కూడా రేపు అక్కడే పడొచ్చు. మామూలుగా వెతికితే స్పామ్‌లో ఉన్నవి కనిపించవు, 30 రోజులకు వాటంతటవే పోతాయి. ఎదురుచూస్తున్న మెయిల్ రాలేదనిపిస్తే వెతికే గడిలో `in:spam` అని కొట్టి, పక్కన పంపినవారి పేరు చేర్చి చూడండి. దొరికితే తెరిచి ‘నాట్ స్పామ్’ నొక్కండి. అయినా మళ్లీ అక్కడికే పోతుంటే ఆ చిరునామాకు ఒక ఫిల్టర్ తయారుచేసి, ‘నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్’ దగ్గర టిక్కు పెట్టండి.