ఆరున్నరకు మార్కెట్, తొమ్మిదికి ఆఫీసు

న్యూయార్క్‌లో స్టాక్ మార్కెట్ గంట ఉదయం తొమ్మిదిన్నరకు మోగుతుంది. కాలిఫోర్నియాలో అప్పటికి ఆరున్నరే అయి ఉంటుంది. ఈ మూడు గంటల తేడా సిలికాన్ వ్యాలీ ఇంజినీర్లకు కలిసొచ్చింది. న్యూయార్క్‌లో ఉద్యోగం చేసేవాడు మార్కెట్ తెరిచే వేళకు ఆఫీసు దారిలో ఉంటాడు. శాన్‌హోసేలోనో సన్నీవేల్‌లోనో ఉన్నవాడు కాఫీ కప్పుతో ఇంట్లోనే తెర ముందు కూర్చోవచ్చు. ట్రేడింగ్‌లో రద్దీ ఎక్కువగా ఉండే మొదటి గంటన్నర చూసి, తొమ్మిదింటి మీటింగుకు అందుకోవచ్చు.

అలా కూర్చున్న ఒక తెలుగు ఇంజినీరు కథ ఇది. ఫలానా మనిషిది కాదు. ఈ దారిలో నడిచేవాళ్లకు తరచూ ఎదురయ్యేవన్నీ ఒకే మనిషికి తగిలించి చెబుతున్నాం. ధరలు ఉదాహరణకు తీసుకున్నవి. వాటి వెనకున్న లెక్క మాత్రం మార్కెట్‌లో నడిచేదే.

అయిదు డాలర్ల పాయింటు

మనవాడు ఎంచుకున్నది మైక్రో ఈ-మినీ ఎస్ అండ్ పీ 500 ఫ్యూచర్స్. షికాగోకు చెందిన సీఎంఈ ఎక్స్ఛేంజీ చిన్న మదుపరుల కోసం 2019 మేలో దీన్ని తెచ్చింది. అమెరికాలోని 500 పెద్ద కంపెనీల సూచీ ఒక పాయింటు కదిలితే ఇందులో 5 డాలర్లు వస్తాయి, లేదా పోతాయి. ధర పావు పాయింటు చొప్పున కదులుతుంది, అంటే ఒక్కో మెట్టు డాలరుంబావు. సూచీ 6000 దగ్గర ఉంటే ఒక్క కాంట్రాక్టు విలువ 30,000 డాలర్లు. అయినా పగటిపూట అది చేతిలో పెట్టుకోవడానికి 50 డాలర్ల మార్జిన్ చాలనే బ్రోకర్లు ఉన్నారు. కొత్తవాళ్లు మోసపోయేది ఇక్కడే. కట్టింది 50 అయినా ఆడుతున్నది 30,000తో.

ఖాతాలో 5000 డాలర్లు వేసి మొదలుపెట్టాడు. తెల్లవారుజామునే అలారం పెట్టుకుని లేచాక ఏదో ఒకటి చెయ్యకుండా ఊరుకోవడం కష్టమైంది. ధర పెరుగుతుంటే పెరిగిపోతోందని కొన్నాడు. పడుతుంటే ఇంకా పడుతుందని అమ్మాడు. రెండు పాయింట్ల లాభం కనిపిస్తే చాలు, జేబులో వేసుకుని బయటపడ్డాడు. ఎనిమిది దాటాక ఇంకో తొందర మొదలయ్యేది. ఆఫీసుకు బయల్దేరేలోపు పొద్దున పోయింది రాబట్టుకోవాలి. అతని చేతులు కాలిన ట్రేడుల్లో ఎక్కువ ఆ అరగంటలోవే.

అసలు తినేసింది ఖర్చులు

పెద్ద దెబ్బ ఒక్కటీ తగల్లేదు, కానీ ఖాతా కరుగుతూ పోయింది. ఎందుకో తెలియాలంటే ఒక ట్రేడు ఖర్చు చూడాలి. కొనడానికీ అమ్మడానికీ కలిపి కమీషను, ఎక్స్ఛేంజీ రుసుములు ఒకటిన్నర డాలరు అనుకుందాం. అనుకున్న ధరకు కాక ఒక మెట్టు అటూఇటూగా దొరికితే మరో డాలరుంబావు. మొత్తం 2.75 డాలర్లు. రోజుకు ఎనిమిది ట్రేడులు, నెలకు ఇరవై రోజులు చేస్తే 440 డాలర్లు. లాభనష్టాలు సరిసమానంగా వచ్చినా 5000 ఖాతాలో దాదాపు తొమ్మిది శాతం నెల తిరిగేసరికి ఖర్చులకే పోతుంది.

ఇంకో లెక్క దీనికన్నా ముఖ్యం. రెండు పాయింట్ల లాభం కోసం రెండు పాయింట్ల నష్టానికి సిద్ధపడే ట్రేడు తీసుకోండి. గెలిస్తే వచ్చేది 10 డాలర్లు, ఖర్చు పోగా 7.25. ఓడితే పోయేది 10, ఖర్చుతో కలిపి 12.75. ఈ పద్ధతిలో అసలు నిలబడాలంటేనే వందలో 64 సార్లు గెలవాలి. అదే అయిదు పాయింట్ల నష్టానికి పది పాయింట్ల లాభం పెట్టుకున్న ట్రేడులో గెలిస్తే చేతికి 47.25, ఓడితే పోయేది 27.75. ఇక్కడ వందలో 37 గెలిస్తే అసలు దక్కుతుంది.

మరి అందరూ రెండోదే చెయ్యొచ్చు కదా? చెయ్యలేరు. అయిదు పాయింట్ల అడ్డుకట్టతో పది పాయింట్లు కదిలే చోటు గంటన్నరలో ఎప్పుడు పడితే అప్పుడు దొరకదు. కొన్ని రోజులు అసలే దొరకదు. అలాంటి చోటును ముందే నిర్వచించి పెట్టుకోవడాన్నే ట్రేడర్లు సెటప్ అంటారు.

మూడు షరతులు

మనవాడు చివరకు ఒకే సెటప్‌కు కట్టుబడ్డాడు. దాని మూలం ఓపెనింగ్ రేంజ్ బ్రేకౌట్ అనే పాత పద్ధతి. అమెరికన్ ట్రేడర్ టోబీ క్రేబెల్ 1990లో దీని మీద ఒక పుస్తకమే వేశాడు. మనవాడు దానికి ఇంకొంచెం కాచుకునే పని జోడించాడు.

మొదటి షరతు: ఆరున్నర నుంచి ఏడు వరకు ఏమీ ముట్టుకోకూడదు. ఆ అరగంటలో వచ్చిన గరిష్ఠ, కనిష్ఠ ధరల దగ్గర రెండు గీతలు గీసుకోవాలి. రెండోది: ఏడు తర్వాత ఒక అయిదు నిమిషాల క్యాండిల్ ఆ గీతల బయట ముగియాలి. ఊరికే దాటి వెనక్కొస్తే లెక్కలోకి రాదు. మూడోది: దాటిన ధర మళ్లీ ఆ గీత దాకా వచ్చి, అక్కడ నిలదొక్కుకుని, ఇంకో క్యాండిల్ గీతకు అవతలే ముగియాలి. మూడూ జరిగితేనే ఆర్డరు. రెండు కుదిరాయి కదా అని దిగడానికి లేదు.

ఏడు గంటలకు ఇంకో ప్రాముఖ్యం ఉంది. తయారీరంగం తీరు చెప్పే ఐఎస్ఎం సూచీ వంటి గణాంకాలు కొన్ని న్యూయార్క్ సమయం పదింటికి, అంటే కాలిఫోర్నియాలో సరిగ్గా ఏడుకు వెలువడతాయి. ఆ క్షణంలో ధర పది పాయింట్లు అటూ ఇటూ విసిరికొట్టడం మామూలే.

ఒక రోజు చూద్దాం. మొదటి అరగంటలో గరిష్ఠం 6010, కనిష్ఠం 5990. ఏడింటికి గణాంకాలు వచ్చాయి. ధర 6018 దాకా ఎగిరింది, క్యాండిల్ 6016 దగ్గర ముగిసింది. పాత అలవాటైతే మనవాడు 6018 దగ్గరే కొనేసి, అయిదు పాయింట్ల కింద 6013 దగ్గర స్టాప్‌లాస్ పెట్టేవాడు. తర్వాతి పది, పదిహేను నిమిషాల్లో ధర 6009.50 వరకు దిగింది. ఆ స్టాప్‌లాస్ తెగి 27.75 డాలర్లు పోయేవి.

ఆ రోజు అతను ఆగాడు. గీత దాకా దిగిన ధర అక్కడి నుంచి లేచి, క్యాండిల్ 6013 దగ్గర ముగిసింది. అప్పుడు కొన్నాడు. ఆ క్యాండిల్ కనిష్ఠానికి కాస్త కింద, 6008 దగ్గర స్టాప్‌లాస్. 6023 దగ్గర టార్గెట్. ఈ రెండూ కొనుగోలుతో పాటే పంపే ఆర్డర్లు. ఒకటి అమలైతే రెండోది దానంతటదే రద్దవుతుంది. ముప్పావు ఎనిమిదికి టార్గెట్ తగిలింది. ఖర్చులు పోగా 47.25 డాలర్లు. మార్కెట్ పైకే వెళుతుందన్న అంచనా రెండు దారుల్లోనూ సరైనదే. తేడా వచ్చింది కొన్న చోటులో.

కాచుకున్నా దొరకనివి

ఇది చదివి మూడు షరతులు తెలిస్తే చాలనుకోకండి. గీత దాకా వచ్చిన ధర అక్కడ ఆగకుండా 6006కు జారిపోయే రోజులుంటాయి. ఆ రోజు మూడో షరతు కుదరలేదు కాబట్టి ట్రేడు లేదు, నష్టమూ లేదు. మూడూ కుదిరి కొన్న తర్వాత కూడా స్టాప్‌లాస్ తగిలే రోజులుంటాయి. వాటికే పైన చెప్పిన 27.75.

మనసుకు కష్టం కలిగించేది మరో రకం. ధర 6018కి ఎగిరి, వెనక్కి తిరిగి చూడకుండా 6040కి పోతుంది. కాచుకున్నవాడికి చోటే దొరకదు. నిజానికి బాగా బలమున్న రోజుల్లోనే ధర గీత దాకా వెనక్కి రాదు. అంటే ఈ పద్ధతి తన షరతుల వల్లే కొన్ని మంచి రోజులను వదులుకుంటుంది. ఈ మాట ముందే ఒప్పుకోనివాడు ఒక్క రోజు జారిపోగానే మర్నాడు షరతులు పక్కన పెడతాడు.

మనవాణ్ని నిలబెట్టింది రెండు పనులు. మొదటిది గడియారం. ఎనిమిది దాటాక కొత్త ఆర్డరు లేదు, ఎనిమిదిన్నరకల్లా చేతిలో కాంట్రాక్టు ఉండకూడదు. కారు నడుపుతూ, మీటింగులో కూర్చుని ఫోను చూసే పని దాంతో తప్పింది. ఫెడరల్ రిజర్వ్ వడ్డీ నిర్ణయం కాలిఫోర్నియా సమయం పదకొండింటికి వస్తుంది. ఆ అలజడితో తనకు సంబంధం లేదు.

రెండోది నోటు పుస్తకం. ప్రతి ట్రేడునూ రెండు వరుసల్లో ఒకదాంట్లో రాశాడు: షరతుల ప్రకారం చేసినవి ఒకవైపు, మనసాగక చేసినవి ఇంకోవైపు. నెలాఖరున విడివిడిగా కూడితే మొదటి వరుస కాస్త అటూ ఇటూగా ఉంది. పోయిన డబ్బంతా రెండో వరుసలోదే. అప్పటినుంచి ఏమీ చెయ్యని రోజు కూడా తేదీ వేసి, ‘ట్రేడు లేదు, మూడోది కుదరలేదు’ అని రాయడం మొదలుపెట్టాడు.

"చీకటితో లేచి కూర్చున్నావు, ఏమీ కొనలేదా?" అంది భార్య ఒకరోజు.

"కొనలేదు."

"మరి పడుకోవచ్చుగా!"

"పడుకుంటే ఎప్పుడు కొనాలో తెలియదుగా" అన్నాడు.

మన దగ్గర చదివేవాళ్లకు

ఇంత చేశాక అతను ధనవంతుడయ్యాడా? లేదు. ఖాతా కరగడం ఆగింది, అంతే. చాలామందికి అదీ దక్కదు. బ్రెజిల్ ఫ్యూచర్స్ మార్కెట్‌లో 300 రోజులకు పైగా పట్టు వదలకుండా డే ట్రేడింగ్ చేసినవారిని పరిశోధకులు లెక్కగడితే, 97 శాతం మంది నష్టపోయినట్లు తేలింది. మన దేశంలో 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని, ఆ మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందని సెబీ 2024లో చెప్పింది. కాచుకోవడం నేర్చినంత మాత్రాన లాభం రాదు. అనవసరమైన నష్టం తగ్గుతుంది. లాభం రావాలంటే ఆ సెటప్‌కు సొంతంగా బలం ఉండాలి. ఉందో లేదో వందల ట్రేడులు రాసి చూసుకుంటే గానీ తేలదు.

చివరిగా ఒక హెచ్చరిక. అమెరికాలో ఉన్న అన్నో బావో చేస్తున్నాడని హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని ఇదే ఫ్యూచర్స్‌లో దిగాలని చూడకండి. భారత్‌లో ఉండేవారు విదేశీ ఎక్స్ఛేంజీల్లో మార్జిన్ కోసం డబ్బు పంపడాన్ని రిజర్వ్ బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం అనుమతించదు. ‘మేం చూసుకుంటాం, డబ్బు పంపండి’ అనే యాప్ ఏదైనా కనిపిస్తే, రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైటులో ఉన్న హెచ్చరిక జాబితా ముందు తెరిచి చూడండి. ఆ జాబితాలో పేరు లేకపోయినా దానికి అనుమతి ఉన్నట్టు కాదు.