జీతంతో పాటు పెరిగే పొదుపు

మూలవేతనం 50,000. అందులో 12 శాతం, నెలకు 6,000 పీఎఫ్‌కు పోతుంది. ఏడాదికి 72,000. ఇరవై ఏళ్లూ ఇంతే కడితే, 8 శాతం వడ్డీతో చేతికొచ్చేది సుమారు 32.95 లక్షలు. అదే జీతం ఏటా 6 శాతం పెరిగి, కోత కూడా దాంతో పాటే పెరిగితే 52.34 లక్షలు. దీన్నే పెరిగే యాన్యుటీ అంటారు. ఏడాది చివర ఒకేసారి కట్టినట్టు లెక్కిస్తే సూత్రం ఇదీ:

P × [(1+r)^n − (1+g)^n] ÷ (r − g)

P మొదటి ఏడాది కట్టే మొత్తం, r వడ్డీ, g పెరుగుదల, n ఏళ్లు. వడ్డీ, పెరుగుదల సమానమైతే కింద సున్నా వచ్చి లెక్క ఆగిపోతుంది; అప్పుడు P × n × (1+r)^(n−1) వాడాలి.

అయితే ఆ అదనపు 19 లక్షలూ వడ్డీ మహిమ కాదు. అందులో 12 లక్షలు మీరు ఎక్కువ కట్టినవే. చివరి ఏడాది నెలకు 18,000 దాటి కోత పడుతుంది మరి! పైగా ధరలూ ఏటా 6 శాతం పెరిగితే, ఆ 52 లక్షలు నేటి 16 లక్షలకు సమానం.

అసలు చిక్కు వేరే ఉంది. 2014లో పీఎఫ్ వేతన పరిమితిని 15,000 చేశారు. కొన్ని సంస్థలు దాని మీదే 12 శాతం, అంటే 1,800 మాత్రమే కోస్తాయి. జీతం ఎంత పెరిగినా ఆ అంకె కదలదు. మీ పే స్లిప్పులో 1,800 కనిపిస్తే, స్వచ్ఛంద పీఎఫ్ పెంచమని ఆఫీసులో అడగండి.