ఆహ్వానంలోనే అజెండా

‘గురువారం 11 గంటలకు కొరియర్ విషయమై మీటింగ్’ అని మెయిల్ వస్తుంది. అందరూ వస్తారు. ఎన్ని పార్సిళ్లు ఆలస్యమయ్యాయని మేనేజర్ అడిగితే, లెక్క చూసి చెబుతానంటారు స్టోర్స్ వాళ్లు. కొత్త కొటేషన్లు ఇంకా తెప్పించలేదంటారు అకౌంట్స్ వాళ్లు. వచ్చే వారం మళ్లీ కూర్చుందామని అందరూ లేస్తారు. ఏం సిద్ధం చేసుకుని రావాలో ఆ మెయిల్ ఎవరికీ చెప్పలేదు.

అదే ఆహ్వానాన్ని ఇలా పంపితే?

తేలాల్సింది: ఏప్రిల్ నుంచి ఏ కొరియర్‌కు ఇవ్వాలి?
1. గత 3 నెలల్లో ఆలస్యమైన పార్సిళ్లు – స్టోర్స్ – 10 నిమిషాలు
2. రెండు కొటేషన్లలో తేడాలు – అకౌంట్స్ – 10 నిమిషాలు
3. నిర్ణయం – అందరూ – 15 నిమిషాలు
ముందుగా చూడాల్సింది: జత చేసిన ఒక పేజీ పట్టిక

ఇది చూడగానే ఎవరి పని వారికి తెలుస్తుంది. ‘కొరియర్ విషయం’ అంటే ఏం వెతకాలో తెలియదు. ‘ఏ కొరియర్‌కు ఇవ్వాలి?’ అంటే ధరలు, ఆలస్యాల లెక్క పట్టుకుని రావాలని అర్థమవుతుంది. అందుకే అంశాన్ని వీలైనంతవరకు ప్రశ్నగా రాయాలి. మూడింటికీ కలిపి 35 నిమిషాలే కేటాయించాం. 40 నిమిషాల మీటింగ్‌లో మిగిలిన 5 నిమిషాలు, ఎవరు ఏ పని ఎప్పటికి చేయాలో రాసుకోవడానికి.

దీన్ని వేరే మెయిల్‌లో పంపకుండా, క్యాలెండర్ ఆహ్వానంలో వివరాలు రాసే చోటే పెట్టాలి. మీటింగ్‌కు ముందు అందరూ తెరిచేది దాన్నే. కనీసం రెండు రోజుల ముందు పంపితే లెక్కలు తీయడానికి వ్యవధి ఉంటుంది. తర్వాత అంశం మారితే అదే ఆహ్వానాన్ని సవరించి, ఆ మార్పు అందరికీ మెయిల్‌లో వెళ్లేలా చూడాలి. లేకపోతే కొందరు పాత అజెండాతోనే వస్తారు.

కంపెనీల వాటాదారుల సమావేశాలకైతే చట్టమే ఈ పద్ధతి పెట్టింది. 2013 కంపెనీల చట్టంలోని 101వ సెక్షన్ ప్రకారం నోటీసులో చోటు, తేదీ, సమయంతోపాటు ఏ పనులు చేపడతారో కూడా ఉండాలి. ప్రత్యేక అంశాలుంటే వాటి వివరణ జతచేయాలని 102వ సెక్షన్ చెబుతోంది. ఓటు వేసేవారికి విషయం ముందే తెలియాలన్నది దీని ఉద్దేశం.

ఆఫీసు అజెండాకు మూడు నాలుగు అంశాలు చాలు. పది అంశాలు రాస్తే చివరివి చర్చకే రావు. ఇరవై పేజీల రిపోర్టు జత చేస్తే చదివి వచ్చేవారు తక్కువ. అందులో చూడాల్సిన పేజీ ఏదో చెప్పాలి. మీటింగ్‌లో మొదటి పది నిమిషాలు విషయం వివరించడానికే పోతుంటే, అజెండా అందలేదనో, అందినా అర్థం కాలేదనో గ్రహించాలి.

‘తేలాల్సింది’ అన్న ఒక్క వాక్యం మీరే రాయలేకపోతే, ఆ ఆహ్వానం ఇంకా పంపకండి.