తొలి ఆర్డర్ తగ్గింపు... మళ్లీ మళ్లీ!

గుంటూరు నుంచి పచ్చళ్లు అమ్మే ఓ చిన్న ఆన్‌లైన్ దుకాణాన్ని ఊహించుకుందాం. ఒక్కో ఆర్డరు సగటున 800 రూపాయలు. మామిడికాయలు, నూనె, కారం, సీసా, అట్టపెట్టె, కొరియర్, పేమెంట్ గేట్‌వే కమీషన్ అన్నీ పోగా చేతిలో మిగిలేది 110. కొత్తవాళ్లను రప్పించడానికి యజమానురాలు తొలి ఆర్డరుపై 150 రూపాయల తగ్గింపు పెట్టింది. అంటే మొదటి ఆర్డరులో 40 రూపాయలు చేతి నుంచి పెట్టుకుంటుంది. ఫరవాలేదు, ఆవకాయ నచ్చినవాళ్లు మళ్లీ కొంటారు. రెండో ఆర్డరులో 110 వస్తే, రెండూ కలిపి 70 రూపాయల లాభం.

ఇప్పుడు ఒకే మనిషి ఐదు పేర్లతో ఐదుసార్లు ‘కొత్త కస్టమర్’గా వచ్చాడనుకుందాం. దుకాణానికి 200 రూపాయల నష్టం. అంతకన్నా పెద్ద చిక్కు మరోటుంది. కంప్యూటర్ తెరమీద ఐదుగురు కొత్త కస్టమర్లు వచ్చినట్టు కనిపిస్తుంది. ఆ అంకె చూసి ఆఫర్ బాగా పనిచేస్తోందని ఆమె ప్రకటనల ఖర్చు పెంచుతుంది. తగ్గింపు సొమ్ము పోవడం ఒక ఎత్తు, తప్పుడు లెక్క చూసి నిర్ణయాలు తీసుకోవడం మరో ఎత్తు.

చిన్న దుకాణాలకే కాదు, మహా సంస్థలకూ ఈ దెబ్బ తగిలింది. ఖాతా తెరిస్తే ప్రోత్సాహకం ఇస్తామన్న అమెరికా చెల్లింపుల సంస్థ పేపాల్, ఆ ప్రోత్సాహకాల కోసమే అక్రమంగా సృష్టించినవని భావించిన 45 లక్షల ఖాతాలను గుర్తించినట్టు 2022 ఫిబ్రవరిలో చెప్పింది. ఖాతాల పెరుగుదలపై పెట్టుకున్న పాత లక్ష్యాన్ని కూడా పక్కన పెట్టింది. మర్నాడు ఆ కంపెనీ షేరు దాదాపు పాతిక శాతం పడిపోయింది.

దొంగ ఖాతాలకు తలుపు తెరిచేది ఎక్కువగా ఈమెయిలే. వర్డ్‌ప్రెస్ మీద నడిచే చాలా దుకాణాలు వాడే వూకామర్స్‌లో, ఒక కూపన్‌ను ఒక్కొక్కరు ఎన్నిసార్లు వాడొచ్చో పరిమితి పెట్టే గడి ఉంది. దాని పేరు `Usage limit per user`. అందులో 1 అని పెట్టి నిశ్చింతగా ఉండేవాళ్లు చాలామంది. కానీ లాగిన్ కాకుండా కొనేవాళ్లను అది గుర్తుపట్టేది బిల్లుమీది ఈమెయిల్‌తోనే. జీమెయిల్‌లో పేరు మధ్య చుక్కలు ఎన్ని పెట్టినా, పేరు తర్వాత కూడిక గుర్తు పెట్టి ఏం రాసినా ఉత్తరం చేరేది ఒకే పెట్టెకు:

```
yourname@gmail.com
your.name@gmail.com
yourname+2@gmail.com
```

మూడూ ఒకరివే. దుకాణం సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ముగ్గురు. జీమెయిల్ చిరునామాలను పోల్చే ముందు చుక్కలు తీసేసి, కూడిక గుర్తు నుంచి `@` దాకా ఉన్నది కొట్టేయాలి. ఈ చుక్కల సూత్రం జీమెయిల్‌ది. కంపెనీల, కాలేజీల ఈమెయిళ్లకు వర్తింపజేస్తే వేర్వేరు మనుషులు ఒకటైపోతారు. ఇంత చేసినా కొత్త ఈమెయిల్ తెరవడం నిమిషాల పని, అందుకే దీనిమీదే ఆధారపడకూడదు.

పచ్చళ్ల దుకాణానికి ఒక గట్టి ఆసరా ఉంది. సీసా ఎవరి గుమ్మం ముందుకో చేరాలి, కొరియర్ కుర్రాడు ఫోన్ చేస్తే ఎవరో ఎత్తాలి. ఫోన్ నంబరు, ఇంటి చిరునామా ఈమెయిల్ లాగా ఉచితంగా పుట్టుకురావు. మన దేశంలో సిమ్ కార్డుకు గుర్తింపు పత్రం కావాలి, పైగా ఒకరి పేరుమీద తొమ్మిదికి మించి ఉండకూడదు. ఈశాన్య రాష్ట్రాలు, జమ్మూకశ్మీర్‌లో ఆరే.

అందువల్ల కూపన్‌ను ఫోన్ నంబరుకు కట్టేయడం మేలు. ఓటీపీ వచ్చిన నంబరే డెలివరీ నంబరు కూడా కావాలన్న నియమం పెడితే, కాసేపటికి అరువు తెచ్చుకున్న నంబర్లతో పని జరగదు. సరుకు వచ్చే రోజున కూడా ఆ ఫోన్ చేతిలో ఉండాలి కదా! పోల్చేటప్పుడు ముందు 0, 91, +91 ఉన్నా లేకున్నా చివరి పది అంకెలే చూడాలి. అందరికీ తెలిసిన `WELCOME150` లాంటి కోడ్‌కు బదులు, ఓటీపీ అయ్యాక ఆ నంబరుకు మాత్రమే చెల్లే కోడ్ పంపితే కూపన్ సైట్లలోకి ఎక్కినా పనికిరాదు. అది `NEW001`, `NEW002` అని వరుసలో ఉండకూడదు. తర్వాతిది ఎవరైనా ఊహించగలరు.

చిరునామాను పోల్చడం దీనికన్నా కష్టం. ఒకే ఇంటి నంబరును ఒకసారి 4-12-87/బి అని, ఇంకోసారి 4/12/87 బి అని రాస్తారు. ఈ గీతలన్నీ తీసేసి అంకెలు మాత్రం పోల్చుదామని చాలామంది ప్రోగ్రామర్లు అనుకుంటారు. అలా చేస్తే 4-12-87, 41-28-7 రెండూ 41287 అయిపోతాయి. ఎవరి ఇల్లో ఇంకెవరికో అంటుకుంటుంది. తీసేయకుండా, అంకెలు, అక్షరాల మధ్య ఏ గుర్తున్నా, ఖాళీ ఉన్నా ఒకే గీతగా మార్చడం సరైన పద్ధతి. పల్లెల్లో ఇంకో మెలిక ఉంది. ఒక పిన్‌కోడ్ కింద నాలుగైదు ఊళ్లుండొచ్చు, ప్రతి ఊళ్లోనూ 1-23 నంబరు ఇల్లు ఉండొచ్చు. కాబట్టి పిన్‌కోడ్, ఇంటి నంబరుతో పాటు ఊరి పేరు కూడా కలవాలి. అపార్ట్‌మెంట్ అయితే ఫ్లాట్ నంబరు కూడా.

అన్నీ కలిసినా అది నేరానికి రుజువు కాదు. అదే ఇంట్లో అత్తగారు ఒకసారి, కోడలు ఒకసారి కొని ఉండొచ్చు. హాస్టల్ చిరునామాకు వందమంది ఉంటారు. ఐపీ అడ్రస్ అయితే ఇంకా బలహీనం. మొబైల్ కంపెనీలు ఒకే ఐపీని ఎంతోమందికి పంచుతాయి, దాన్ని బట్టి ఆపితే నిజమైన కొనుగోలుదారులే బయటికి పోతారు. నియమం సాదాగా ఉంటే చాలు. ఫోన్ నంబరు పాతదైతే కూపన్ దానంతటదే చెల్లకూడదు. నంబరు కొత్తదై చిరునామా పాతదైతే, ప్యాకింగ్‌కు ముందు ఒక మనిషి చూడాలి. పాత ఆర్డరు పేరు, కొన్న సరుకు, ఎన్ని రోజుల తేడా అన్నవి పక్కపక్కన పెట్టుకుంటే చాలావరకు తేలిపోతుంది. అనుమానం ఉండిపోతే ఆర్డరు రద్దు చేయొద్దు. “అండీ, ఈ చిరునామాకు తొలి ఆర్డరు తగ్గింపు ఇప్పటికే ఇచ్చాం. మామూలు ధరకు పంపమంటారా?” అని అడిగితే చాలు. అత్తాకోడళ్ల సంగతని చెబితే తగ్గింపు ఇచ్చేయొచ్చు.

ఈ మోసం మొదలైందని ముందే పసిగట్టాలంటే రెండు లెక్కలు నెలనెలా చూడాలి. కొత్త కస్టమర్ల సంఖ్య పెరుగుతూ, రెండోసారి కొనేవాళ్ల శాతం పడిపోతుంటే అనుమానించాలి. కూపన్ ఆర్డర్ల మొత్తాలు అర్హతకు కావలసిన కనీస ధరకు అంటిపెట్టుకుని ఉన్నా అంతే.

వీటన్నిటికన్నా బలమైన మార్పు తగ్గింపును చీల్చడం. 150 ఒకేసారి ఇవ్వకుండా, మొదటి ఆర్డరుకు 60, అదే ఫోన్ నంబరుతో చేసే రెండో ఆర్డరుకు 90 ఇవ్వాలి. నిజాయితీగా రెండుసార్లు కొన్నవారి నుంచి దుకాణానికి మిగిలేది మొదట 50, తర్వాత 20. మొత్తం మునుపటిలాగే 70. ఐదు పేర్లతో వచ్చినవాడి వల్ల మాత్రం 200 నష్టానికి బదులు 250 లాభం వస్తుంది. అతను పేరు మార్చిన ప్రతిసారీ ఆ 90 వదులుకుంటున్నట్టే. దీనికీ ఒక ధర ఉంది. 150 చూసి వచ్చేంతమంది 60 చూసి రారు. కాబట్టి ఒక నెల పాత పద్ధతిలో, ఒక నెల కొత్త పద్ధతిలో నడిపి, రెండో ఆర్డరు దాకా వచ్చినవాళ్లను లెక్కగట్టాకే ఏది ఉంచాలో తేల్చుకోవాలి. ఆ రెంటిలో సంక్రాంతి, దసరా లాంటి పండగ నెల లేకుండా చూసుకోవాలి.