చేతికొచ్చిన డబ్బు ఎప్పుడు ఆదాయమవుతుంది?

మందుల దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే ఒక చిన్న కంపెనీ ఉందనుకుందాం. చందా ఏడాదికి 12,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ 2,160. జనవరి 1న ఒక దుకాణదారు మొత్తం 14,160 రూపాయలు ఒకేసారి కట్టేశాడు. ఆ రోజు కంపెనీ ఎంత సంపాదించినట్టు?

లెక్కల ప్రకారం ఏమీ సంపాదించలేదు. 2,160 ప్రభుత్వానిది, కంపెనీ దాన్ని వసూలు చేసి పెట్టిందంతే. మిగిలిన 12,000 బ్యాంకులో ఉన్నా, దానికి బదులుగా ఇవ్వాల్సిన పన్నెండు నెలల సేవ ఇంకా మొదలే కాలేదు. రేపు సర్వర్ మూసేస్తే ఆ డబ్బు తిరిగి అడిగే హక్కు దుకాణదారుకు ఉంటుంది. అందుకే ఈ 12,000 బ్యాలెన్స్ షీట్‌లో అప్పుల వైపు కూర్చుంటుంది. దీన్నే డెఫర్డ్ రెవెన్యూ అంటారు. మన కంపెనీల చట్టం నమూనాలో ఇది ముందుగా అందిన ఆదాయం పేరుతో కనిపిస్తుంది. పెద్ద కంపెనీలు పాటించే ఇండ్ ఏఎస్ 115 దీన్ని కాంట్రాక్ట్ లయబిలిటీ అంటుంది. బ్యాంకు అప్పు డబ్బుతో తీరుతుంది, ఈ అప్పు మాత్రం పని చేస్తే తీరుతుంది.

పుస్తకాల్లో ఇది ఇలా నడుస్తుంది. ఇన్‌వాయిస్ రాసిన రోజు దుకాణదారు ఖాతాకు 14,160 డెబిట్ చేస్తారు. ఎదురుగా 12,000 డెఫర్డ్ రెవెన్యూ ఖాతాకు, 2,160 జీఎస్టీ ఖాతాకు క్రెడిట్ అవుతాయి. డబ్బు రాగానే బ్యాంకుకు డెబిట్, దుకాణదారుకు క్రెడిట్. ఇంతవరకూ లాభనష్టాల ఖాతాను ఎవరూ ముట్టుకోలేదు. జనవరి 31న ఒక నెల సేవ పూర్తయింది కాబట్టి ఒక జర్నల్ ఎంట్రీ రాస్తారు. డెఫర్డ్ రెవెన్యూకు 1,000 డెబిట్, చందా ఆదాయానికి 1,000 క్రెడిట్. ఇదే ఎంట్రీ ప్రతి నెలాఖరులో వస్తుంది. డిసెంబరు 31కి అప్పుల వైపు ఉన్న 12,000 సున్నా అయి, మొత్తం ఆదాయంగా మారుతుంది. చందా జనవరి 16న మొదలైతే ఆ నెలకు పదహారు రోజులే లెక్క. 365 రోజులకు 12,000 కాబట్టి పదహారు రోజులకు సుమారు 526 రూపాయలు వస్తాయి. చాలామంది అర నెల అని 500 రాసేస్తారు. చందాదారులు కొద్దిమందే ఉంటే ఆ తేడాతో పెద్ద నష్టం లేదు, కానీ అందరికీ ఒకే పద్ధతి పాటించాలి.

ఇంత శ్రమ ఎందుకో ఒక్క దుకాణం లెక్కలో తెలియదు. అదే జనవరి 1న వంద దుకాణాలు చేరాయనుకోండి. జీఎస్టీ కాక 12 లక్షలు వచ్చాయి. జీతాలు, సర్వర్ అద్దె, ఫోన్‌లో సాయం చేసే సిబ్బంది కలిపి ఖర్చు నెలకు 80,000. వచ్చిందంతా ఆదాయంగా రాసేస్తే మార్చి 31కి 12 లక్షల ఆదాయం, 2 లక్షల 40 వేల ఖర్చు పోను 9 లక్షల 60 వేల లాభం కనిపిస్తుంది. యజమాని బోనస్‌లు ప్రకటిస్తాడు, ఇంకో ఇద్దరిని ఉద్యోగంలో పెట్టుకుంటాడు. ఏప్రిల్ నుంచి డిసెంబరు వరకు ఆ వంద దుకాణాల నుంచి ఒక్క రూపాయి ఆదాయం ఉండదు, ఖర్చు మాత్రం 7 లక్షల 20 వేలు. పుస్తకాలు ఆ మేరకు నష్టం చూపిస్తాయి. సరిగ్గా రాస్తే మొదటి మూడు నెలల ఆదాయం 3 లక్షలు, లాభం 60 వేలు. తర్వాతి తొమ్మిది నెలల్లో 9 లక్షల ఆదాయం, లక్షా 80 వేల లాభం. రెండు దారుల్లోనూ పన్నెండు నెలల మొత్తం లాభం 2 లక్షల 40 వేలే. వ్యాపారం నెలకు 20 వేలు మిగిల్చేదని రెండో దారే చెబుతుంది. మొదటిది యజమానినే మోసం చేస్తుంది.

జీఎస్టీ మాత్రం ఈ నెలవారీ విభజనను పట్టించుకోదు. సేవల విషయంలో ఇన్‌వాయిస్ తేదీ, డబ్బు అందిన తేదీ, వీటిలో ఏది ముందైతే అప్పుడే మొత్తం మీద పన్ను పడుతుంది. నెలనెలా రిటర్ను వేసే కంపెనీ ఆ వంద దుకాణాల మీద 2 లక్షల 16 వేలు ఫిబ్రవరి 20లోగా లెక్క చూపి కట్టాలి. కాబట్టి జనవరి జీఎస్టీ రిటర్నులోని అమ్మకాలు 12 లక్షలు, పుస్తకాల్లోని ఆదాయం లక్ష. ఈ తేడా చూసి కొత్త అకౌంటెంట్లు కంగారుపడి, రెండూ కలవాలని ఆదాయాన్ని పెంచేస్తారు. అది తప్పు. తేడాను వివరించే కాగితం దగ్గర పెట్టుకుంటే చాలు.

అసలు పరీక్ష నెలాఖరు జాబితాతో జరుగుతుంది. ప్రతి చందాదారుకు మొదలైన తేదీ, ముగిసే తేదీ, మిగిలిన నెలలు, మిగిలిన మొత్తం రాసి కూడితే, డెఫర్డ్ రెవెన్యూ ఖాతా నిల్వతో పైసాతో సహా కలవాలి. మన ఉదాహరణలో మార్చి 31న అది 9 లక్షలు. చందా గడువు తీరిన వ్యక్తి పేరున ఇంకా నిల్వ ఉంటే ఏదో నెల ఎంట్రీ రాయడం మరిచిపోయారు. నిల్వ డెబిట్ వైపు తిరిగితే బిల్లు చేసిన దానికంటే ఎక్కువ ఆదాయం తీసుకున్నారు. నేను ముందుగా వెతికేది రెన్యువల్స్‌నే. జనవరి 1 నుంచి మొదలయ్యే చందాకు డిసెంబరు 10న ఇన్‌వాయిస్ పంపి, ఆ తేదీ నుంచే నెలలు లెక్కపెడతారు. డిసెంబరులో సేవ పాత చందా కింద జరుగుతోంది, కొత్తది మొదలు కాలేదు. డబ్బు రాక ముందే, వెనక్కి తీసుకోగల ఇన్‌వాయిస్ ఒకటి రాసి అటు రావలసిన బాకీలను, ఇటు డెఫర్డ్ రెవెన్యూను రెండింటినీ ఉబ్బించి చూపడం ఇంకో లోపం.

దుకాణదారు నాలుగు నెలల తర్వాత మానేసి, ఒప్పందం ప్రకారం మిగిలిన డబ్బు అడిగితే లెక్క సులువుగా తేలుతుంది. 4,000 ఆదాయం అయిపోయింది, దాన్ని కదపనక్కరలేదు. మిగిలిన 8,000, దాని మీది జీఎస్టీ 1,440 క్రెడిట్ నోట్‌తో తిరిగి వెళ్తాయి. ఒకేసారి మొత్తం ఆదాయం రాసుకున్న కంపెనీకైతే అప్పటికే ప్రకటించిన లాభంలోంచి కోయాల్సి వస్తుంది. సాఫ్ట్‌వేర్ వాడటం మానేసి చందా మాత్రం రద్దు చేయని వారి విషయంలో నెలకు వెయ్యి చొప్పున ఎంట్రీ మామూలుగానే సాగుతుంది, ఎందుకంటే సేవ అందుబాటులో ఉంచడమే కంపెనీ ఇచ్చిన మాట.

ఈ పద్ధతి సాఫ్ట్‌వేర్‌తో పుట్టింది కాదు. 1985లో వచ్చిన ఏఎస్ 9 ప్రమాణం పత్రికల చందాల గురించి ప్రత్యేకంగా చెప్పింది. సంచికలన్నీ ఒకే విలువైతే కాలానికి సమానంగా పంచాలి. విలువలో తేడా ఉంటే, పంపిన సంచిక వెలను బట్టి పంచాలి. అంటే మామూలు సంచికకు రెట్టింపు ధర ఉన్న దీపావళి ప్రత్యేక సంచిక చేరిన నెలలో, మీ చందాలో రెట్టింపు వాటా ఆదాయమవుతుంది.

షేర్లు కొనేవారికి ఈ అంకె ఉపయోగపడుతుంది. నౌకరీ నడిపే ఇన్ఫో ఎడ్జ్, ఇండియామార్ట్ లాంటి కంపెనీలు ముందుగా డబ్బు తీసుకుంటాయి కాబట్టి వాటి ఫలితాల్లో డెఫర్డ్ రెవెన్యూ విడిగా కనిపిస్తుంది. ఈ మూడు నెలల ఆదాయానికి డెఫర్డ్ రెవెన్యూలో వచ్చిన పెరుగుదల కలిపితే, దాదాపుగా ఆ మూడు నెలల్లో చేసిన బిల్లింగ్ వస్తుంది. ఆదాయం పెరుగుతూ డెఫర్డ్ రెవెన్యూ తగ్గుతుంటే, పాత చందాలు కరుగుతున్నాయి, కొత్తవి ఆ వేగంతో రావడం లేదని అనుమానించాలి. అయితే ఏడాదికి కట్టేవారు నెలనెలా కట్టడానికి మారినా ఇదే బొమ్మ కనిపిస్తుంది, ఖాతాదారు ఒక్కరూ తగ్గకపోయినా సరే. అందుకే ఆ అంకెను చందాదారుల సంఖ్యతో పక్కపక్కన పెట్టి చదవాలి.