వాంతులు, విరేచనాల వేళ ఆపవలసిన మాత్రలు

“మందు ఒక్క పూట కూడా మానకూడదు” అన్న మాట మధుమేహ రోగులున్న ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. వైద్యులు ఏళ్ల తరబడి చెబుతున్న మాటే అది. మామూలు రోజులకు అది సరైనదే. కాని మధుమేహంతో పాటు మూత్రపిండాల బలహీనత కూడా ఉన్నవారికి వాంతులు, విరేచనాలు, వణుకుతో కూడిన తీవ్ర జ్వరం వచ్చిన రెండు మూడు రోజులు ఈ నియమానికి మినహాయింపు. నిత్యం మూత్రపిండాలను కాపాడుతున్న మాత్రలే ఆ రోజుల్లో వాటిని దెబ్బతీయగలవు. ఏ మాత్రను ఆపాలి, ఎప్పుడు తిరిగి మొదలుపెట్టాలి అన్నది జబ్బు రాకముందే తెలుసుకొని ఉండాలి.

మూత్రపిండంపై భారం ఎలా పడుతుంది?

మూత్రపిండంలోని ప్రతి వడపోత గుత్తికి రక్తం తెచ్చే నాళం ఒకటి, తీసుకుపోయే నాళం మరొకటి ఉంటాయి. వాంతులు, విరేచనాలు, చెమట వల్ల ఒంట్లో నీరు తగ్గితే లోపలికి వచ్చే రక్తం తగ్గుతుంది. అప్పుడు మూత్రపిండం బయటికి పోయే నాళాన్ని బిగించి, వడపోతకు కావలసిన ఒత్తిడిని నిలుపుకొంటుంది. మొక్కలకు నీరు పోసేటప్పుడు ధార తగ్గితే గొట్టం మూతిని వేలితో నొక్కుతాం కదా, ఇదీ అలాంటిదే.

రామిప్రిల్, ఎనలాప్రిల్ వంటి ‘ప్రిల్’ మాత్రలు, టెల్మిసార్టాన్, లోసార్టాన్ వంటి ‘సార్టాన్’ మాత్రలు సరిగ్గా ఈ బిగింపునే సడలిస్తాయి. మామూలు రోజుల్లో అది మేలు. వడపోత గుత్తులపై అధిక ఒత్తిడి తగ్గి అవి ఎక్కువ కాలం మన్నుతాయి. నీరు ఎండిన రోజున మాత్రం ఉన్న కాస్త ఒత్తిడీ పోయి వడపోత కుంటుపడుతుంది. మూత్రం ఎక్కువగా పోయించే ఫ్రూసమైడ్, హైడ్రోక్లోరోథయజైడ్ వంటి మాత్రలు నీటి లోటును ఇంకా పెంచుతాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు రక్తం తెచ్చే నాళాన్ని ఇరుకు చేస్తాయి. ఈ మూడూ ఒకే రోజున ఒకే మనిషి కడుపులో పడితే, అప్పటికే బలహీనంగా ఉన్న మూత్రపిండం ఒకటి రెండు రోజుల్లోనే పని మానివేసే ప్రమాదం ఉంది.

షుగర్ మాత్రల సంగతి వేరు. మెట్‌ఫార్మిన్ మూత్రం ద్వారానే బయటికి పోవాలి. వడపోత తగ్గితే అది రక్తంలో పేరుకొని, లాక్టిక్ ఆమ్లం పెరిగే తీవ్రస్థితికి దారితీయవచ్చు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటివి తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటాయి. ఆహారం లేని కడుపుతో వేసుకుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి ‘గ్లిఫ్లోజిన్’ మాత్రలు చక్కెరను మూత్రంలో పంపివేస్తాయి. దానితో పాటు నీరూ పోతుంది. వీటివల్ల మరొక చిక్కు ఉంది. తిండి లేనప్పుడు శరీరం కొవ్వును కరిగించుకొని కీటోన్లు అనే ఆమ్లాలను తయారు చేస్తుంది. మామూలుగా ఈ స్థితిలో షుగర్ 300 దాటి మనల్ని హెచ్చరిస్తుంది. ఈ మాత్ర వేసుకునేవారిలో మాత్రం షుగర్ 180 దగ్గరే ఉండి, లోలోపల ఆమ్లం పెరుగుతూ పోవచ్చు. యంత్రం చూపే అంకె బాగుందని నిశ్చింతగా ఉండడానికి లేదు.

ఒక ఇంటి ఉదాహరణ

కర్నూలులో 62 ఏళ్ల ఇల్లాలు ఉన్నారనుకుందాం. మధుమేహం వచ్చి 14 ఏళ్లయింది. క్రియాటినిన్ 1.4, అంటే ఆమె వడపోత శక్తి సుమారు 42. ఆమె రోజూ వేసుకునేవి నాలుగు: మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర, టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన బీపీ మాత్ర, డాపాగ్లిఫ్లోజిన్, కొలెస్ట్రాల్ కోసం అటోర్వాస్టాటిన్. మోకాళ్ల నొప్పికి దుకాణంలో కొన్న ఎసిక్లోఫెనాక్ అప్పుడప్పుడు వేసుకుంటారు.

బంధువుల ఇంట వలీమా విందుకు వెళ్లి వచ్చిన రాత్రి ఆమెకు ఆరు విరేచనాలు, రెండు వాంతులు అయ్యాయి. తెల్లవారి షుగర్ చూస్తే 168. “అమ్మీ, మందు మానితే షుగర్ పెరుగుతుంది, వేసుకోండి” అంటాడు కొడుకు. అతని ఉద్దేశం మంచిదే. కాని ఆ ఉదయం ఆ మాత్రలన్నీ వేసుకుంటే పైన చెప్పుకొన్న ప్రమాదాలన్నీ ఒకే పూట కలిసివస్తాయి. ఒళ్లు నొప్పులని ఎసిక్లోఫెనాక్ కూడా తోడైతే చెప్పనక్కరలేదు.

సరైన క్రమం ఇది. ముందుగా ప్రతి స్ట్రిప్ వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేర్లు చదవాలి. కంపెనీ పెట్టిన పేరును బట్టి లోపల ఏముందో తెలియదు. ఒక్క మాత్రలోనే ఆపవలసిన మందులు రెండు ఉండవచ్చు. ఆమె నాలుగింటిలో మొదటి మూడూ ఆ ఉదయం ఆపవలసినవే. అటోర్వాస్టాటిన్ ఈ జాబితాలో లేదు. ఎసిక్లోఫెనాక్ జోలికి పోకూడదు; జ్వరానికి, నొప్పికి వైద్యుడు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ చాలు. ఏవి ఆపారో, ఏ రోజున ఏ వేళకు ఆపారో ఒక కాగితంపై రాసుకొని, వైద్యుడికి ఫోన్ చేసి చెప్పాలి.

తరువాత నీరు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టుపై రాసిన కొలత ప్రకారం, లీటరు ప్యాకెట్టయితే పూర్తిగా లీటరు నీటిలోనే కలపాలి. సగం ప్యాకెట్టు గ్లాసులో వేసి కలిపితే ఉప్పు మోతాదు మించుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే ఉంటుంది కనుక మధుమేహులు భయపడి మానవలసిన పని లేదు. వాంతి అవుతుంటే గ్లాసెడు ఒకేసారి కాకుండా, కొద్ది నిమిషాలకొకసారి ఒకటి రెండు చెంచాలు తాగించాలి. పండ్ల రుచితో వచ్చే తీపి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. రోగిని చూడవచ్చేవారు ప్రేమతో తెచ్చే కొబ్బరి బోండాలలో పొటాషియం అధికం. మూత్రపిండాలు బలహీనమైనవారికి అది మంచిది కాదు. డయాలసిస్‌లో ఉన్నవారు, నీటికి పరిమితి ఉన్నవారు, గుండె బలహీనత ఉన్నవారు ఎంత తాగాలో, మాత్రలు ఆపవచ్చో లేదో సొంతంగా నిర్ణయించుకోక వైద్యుడిని అడగాలి.

షుగర్‌ను నాలుగు గంటలకొకసారి చూడాలి. కాస్త గంజి, జావ తాగగలిగితే మేలు. ఆమెకు రెండవ రోజు సాయంత్రానికి విరేచనాలు ఆగాయి, మూడవ రోజు మామూలుగా తిన్నారు అనుకుందాం. మామూలుగా తిని, తాగడం మొదలై 24 నుంచి 48 గంటలు గడిచాక, అంటే నాలుగవ లేదా అయిదవ రోజున, పాత మోతాదులోనే అన్నీ తిరిగి మొదలుపెట్టాలి. మానిన రోజుల లెక్క పూరించడానికి రెట్టింపు వేసుకోకూడదు. వారం పది రోజుల్లో క్రియాటినిన్, పొటాషియం పరీక్ష చేయించుకుంటే మూత్రపిండం కోలుకుందో లేదో తెలుస్తుంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

మొదటిది, తిరిగి మొదలుపెట్టడం మరచిపోవడం. ఒళ్లు తేలికపడ్డాక బీపీ మాత్ర డబ్బాలోనే ఉండిపోతుంది. నెల తరువాత బీపీ విపరీతంగా పెరిగి ఉంటుంది. అందుకే ఆపిన తేదీతో పాటు మొదలుపెట్టవలసిన షరతునూ అదే కాగితంపై రాయాలి.

రెండవది, చిన్న జలుబుకే మాత్రలు ఆపడం. తింటూ, తాగుతూ, మూత్రం మామూలుగా పోతూ ఉంటే ఆపవలసిన అవసరం లేదు. ఒక్కసారి పలుచగా విరేచనం అయినంత మాత్రాన కూడా అవసరం లేదు. నోరు ఎండడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, మూత్రం ముదురు రంగులో కొద్దిగానే రావడం నీరు తగ్గిందనడానికి గుర్తులు.

మూడవది అన్నింటికన్నా ప్రమాదకరం: తినడం లేదు కదా అని ఇన్సులిన్ పూర్తిగా ఆపివేయడం. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు తిండి లేకపోయినా షుగర్ పెరుగుతుంది. రోజుకొకసారి వేసుకునే దీర్ఘకాలిక ఇన్సులిన్‌ను ఆపకూడదు. మోతాదు తగ్గించాలా పెంచాలా అన్నది షుగర్ అంకెలు చెప్పి వైద్యుడిని అడగాలి. ప్రెడ్నిసోలోన్ వంటి స్టెరాయిడ్ మాత్రలు వాడేవారు వాటిని కూడా హఠాత్తుగా మానకూడదు.

రమజాన్‌లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఈ రోగులు ఉపవాసాన్ని కొనసాగించి సాయంత్రం వరకు నీరు తాగకుండా ఉండడం మూత్రపిండాలకు నేరుగా హాని. రోగి ఇతర దినాలలో లెక్క పూర్తి చేసుకునే సౌలభ్యాన్ని దివ్యఖుర్ఆన్‌లోని అల్ బఖరా సూరా 184, 185 ఆయతులు స్పష్టంగా ఇచ్చాయి.

ఇంట్లో ఆగకూడని స్థితి

నీరు కూడా కడుపులో నిలవకపోతే, ఎనిమిది పది గంటలు మూత్రం రాకపోతే, మనిషి మత్తుగా లేదా తికమకగా మాట్లాడితే, ఊపిరి లోతుగా వేగంగా ఆడితే, విరేచనంలో రక్తం కనిపిస్తే, షుగర్ 70 కంటే పడిపోయినా 300 దాటి తగ్గకున్నా ఆసుపత్రికి వెళ్లాలి. షుగర్ 70 కంటే తక్కువైతే, మింగగలిగే స్థితిలో ఉన్నవారికి ముందుగా చక్కెర నీళ్లు ఇచ్చి బయలుదేరాలి. ‘గ్లిఫ్లోజిన్’ మాత్ర వాడేవారికి కడుపునొప్పి, ఆగని వాంతులు ఉంటే షుగర్ మామూలుగా ఉన్నా కీటోన్ పరీక్ష చేయమని అడగాలి. వాడుతున్న స్ట్రిప్‌లన్నీ వెంట తీసుకువెళ్లాలి. రెండు రోజులు గడిచినా కుదుటపడకపోతే, ఈ గుర్తులేవీ లేకపోయినా వైద్యుడికి చూపించాలి.

ఏ రోగికి ఏ మాత్ర ఆపాలన్నది ఒకరి జాబితా చూసి మరొకరు నిర్ణయించుకునేది కాదు. స్కాట్లాండ్‌లోని హైలాండ్ ప్రాంతంలో ఇలాంటి మాత్రల పేర్లతో చిన్న కార్డు ముద్రించి రోగుల చేతికే ఇచ్చారు. మన ఇంట్లోనూ ఆ పని కష్టం కాదు. తదుపరి పరీక్షకు వెళ్లినప్పుడు మాత్రలన్నీ వైద్యుడి ముందు పెట్టి, “వాంతులు, విరేచనాలు పట్టుకుంటే వీటిలో ఏవి ఆపాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి, మీకు ఎప్పుడు ఫోన్ చేయాలి?” అని అడిగి, ఆయన చెప్పింది తెలుగులో రాసి మాత్రల డబ్బా మూతకు లోపలివైపు అంటించండి. అర్ధరాత్రి ఆ డబ్బా తెరిచేది కోడలైనా, మనవడైనా, ఆ కాగితమే ముందుగా కంటబడుతుంది.