రెండో ఏటవాలు కడ్డీ ఎంత మోస్తుంది?

ఇనుప షెడ్ల గోడల్లో, ఎత్తైన నీళ్ల ట్యాంకుల కింద, కరెంటు టవర్ల మీద ఇంటూ గుర్తులా ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయే రెండేసి కడ్డీలను అందరం చూసే ఉంటాం. గాలి పక్కనుంచి తోసినప్పుడు చట్రం ఒరిగిపోకుండా ఆపేవి అవే. నిజానికి ఒరగకుండా ఆపడానికి ఒక ఏటవాలు కడ్డీ చాలు. ఒక్కటే ఉంటే దానిలో ఎంత బలం పడుతుందో చిన్న లెక్కతో తేలిపోతుంది. రెండోది బిగించగానే ఆ లెక్క ఆగిపోతుంది. ఏ కడ్డీ ఎంత మోస్తుందో బలాల సమతౌల్యం ఒక్కటే చెప్పలేదు. కడ్డీలు ఎంత సాగాయో, ఎంత కురచబడ్డాయో కూడా అడగాలి.

ఒక చట్రాన్ని తీసుకుందాం. వెడల్పు 4 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు, కాబట్టి ఏటవాలు కడ్డీలు రెండూ 5 మీటర్లు. కింద ఎడమ మూల ఎ, కింద కుడి మూల బి, బి పైన సి, ఎ పైన డి. ఎ దగ్గర చట్రం కదలకుండా కీలుతో బిగించి ఉంది, బి దగ్గర పక్కకు జరగనిచ్చే రోలరు ఉంది. డి దగ్గర కుడివైపుకు 60 కిలోన్యూటన్ల తోపు, అంటే దాదాపు 6 టన్నుల బరువుకు సమానం. కడ్డీలు ఆరు: చుట్టూ నాలుగు, మధ్యలో ఎ-సి, బి-డి అనే రెండు ఏటవాలువి. అన్నీ 1000 చదరపు మిల్లీమీటర్ల కోత వైశాల్యం ఉన్న ఉక్కు కడ్డీలే. ఇలాంటి కడ్డీ ప్రతి మీటరు పొడవుకూ, ప్రతి కిలోన్యూటను లాగుడుకూ 0.005 మిల్లీమీటర్లు సాగుతుంది. నొక్కితే అంతే కురచబడుతుంది.

తెలియని బలాలు ఎన్ని? కడ్డీల్లో ఆరు, ఆధారాల దగ్గర మూడు, మొత్తం తొమ్మిది. ఒక్కో జాయింటు దగ్గర అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి చొప్పున సమీకరణాలు రెండు. నాలుగు జాయింట్లకు ఎనిమిది. ఒకటి తక్కువ పడింది. అంటే ఇందులో ఒక కడ్డీ అదనం. అదనం అంటే పనికిరానిదని కాదు, అది లేకపోయినా చట్రం నిలబడుతుందని మాత్రమే.

ఈ చిక్కు విప్పే దారి చూపినవాడు జేమ్స్ క్లెర్క్ మాక్స్‌వెల్. విద్యుదయస్కాంత సమీకరణాలతో ఈయన పేరు లోకమంతా తెలుసు. చట్రాల బలాల మీద, బిగువు మీద ఆయన 1864లో ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో రాసిన వ్యాసం మాత్రం ఇంజనీర్ల కంట చాలాకాలం పెద్దగా పడలేదు. పదేళ్ల తర్వాత, 1874లో, జర్మనీకి చెందిన ఒట్టో మోర్ అదే పద్ధతిని తనంతట తానుగా కనిపెట్టాడు. అందుకే దీన్ని ఇద్దరి పేరుతో మాక్స్‌వెల్-మోర్ పద్ధతి అంటారు.

ముందుగా అదనపు కడ్డీగా బి-డిని ఎంచుకుని, దాన్ని మధ్యలో కోసేశామని ఊహించుకోవాలి. కోసిన రెండు ముక్కలూ చట్రానికే వేలాడుతుంటాయి కానీ బలం మోయవు. ఇప్పుడు మిగిలింది మామూలు లెక్కే. డి దగ్గరి 60 కిలోన్యూటన్ల తోపు మొత్తం పై కడ్డీ డి-సి గుండా నొక్కుడుగా పోతుంది. సి దగ్గర దాన్ని ఎదుర్కోవడానికి ఎ-సి కడ్డీ 75 కిలోన్యూటన్ల లాగుడు పడుతుంది. కుడి స్తంభం బి-సిలో 45 నొక్కుడు. ఎడమ స్తంభంలోనూ కింది కడ్డీలోనూ బలమే లేదు.

బలాలు తెలిస్తే పొడవుల మార్పులు తెలుస్తాయి. ఎ-సి 1.875 మిల్లీమీటర్లు సాగింది. డి-సి 1.2 మిల్లీమీటర్లు, బి-సి 0.675 మిల్లీమీటర్లు కురచబడ్డాయి. ఇలా మారిన చట్రంలో బి, డి మూలలు ఎంత దగ్గరయ్యాయి? జామితి గీసి కొలవవచ్చు కానీ అది విసుగు పుట్టించే పని. మాక్స్‌వెల్ చూపిన ఉపాయం ఎంతో అందమైనది. అసలు లోడు పక్కన పెట్టి, కోత దగ్గర రెండు ముక్కలనూ ఒకదానివైపు ఒకటి 1 కిలోన్యూటనుతో లాగామనుకోండి. దీన్నే యూనిట్ లోడ్ అంటారు. అప్పుడు పైన, కింద ఉన్న అడ్డ కడ్డీల్లో 0.8 చొప్పున, రెండు స్తంభాల్లో 0.6 చొప్పున నొక్కుడు పుడుతుంది. రెండు ఏటవాలు కడ్డీల్లోనూ 1 లాగుడు ఉంటుంది.

ఈ ఒక్క కిలోన్యూటను చట్రం మీద ఉండగా, అసలు లోడు వల్ల కలిగే సాగుళ్లు, కురచలు జరిగాయని అనుకుందాం. కోత దగ్గర ముక్కలు ఎంత జరిగాయో, బయట ఆ 1 కిలోన్యూటను చేసిన పని అంతే. లోపల ఒక్కో కడ్డీ చేసిన పని దాని యూనిట్ బలాన్ని దాని పొడవు మార్పుతో గుణిస్తే వస్తుంది. బయటి పని, లోపలి పని సమానం కావాలి. కాబట్టి ఎ-సి నుంచి 1.875, డి-సి నుంచి 0.8 రెట్లు 1.2 అంటే 0.96, బి-సి నుంచి 0.6 రెట్లు 0.675 అంటే 0.405. కలిపితే 3.24 మిల్లీమీటర్లు. బి, డి మూలలు అంత దగ్గరయ్యాయి. కోసిన ముక్కల కొసలు ఒకదాని మీదికి ఒకటి అంత మేర ఎక్కేశాయి.

కానీ నిజమైన కడ్డీ కోసి లేదు. దాని ముక్కలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కడం అసాధ్యం. అంటే కోత దగ్గర ఏదో బలం ఆ 3.24 మిల్లీమీటర్లనూ వెనక్కి నెట్టి సరిగ్గా సున్నా చేసి ఉండాలి. పొడవులు పొసగాలన్న ఈ షరతే మనకు తక్కువపడ్డ తొమ్మిదో సమీకరణం.

ఇక ఒక్క కిలోన్యూటను ఎంత నెట్టగలదో తెలియాలి. అదే యూనిట్ లోడును మళ్లీ వాడితే సరిపోతుంది. ఈసారి పొడవు మార్పులు కూడా యూనిట్ లోడు వల్ల కలిగేవే. ఏటవాలు కడ్డీలు ఒక్కోటి 0.025, అడ్డ కడ్డీలు ఒక్కోటి 0.0128, స్తంభాలు ఒక్కోటి 0.0054. ఆరూ కలిపితే కిలోన్యూటనుకు 0.0864 మిల్లీమీటర్లు. ఇప్పుడు 3.24 ÷ 0.0864 = 37.5. అంటే బి-డిలో 37.5 కిలోన్యూటన్ల నొక్కుడు ఉంది.

మిగిలినవి కూడికలే. ఎ-సిలో 75 లోంచి 37.5 తగ్గి, 37.5 లాగుడు మిగిలింది. పై కడ్డీలో 30 నొక్కుడు, కింది కడ్డీలో 30 లాగుడు. కుడి స్తంభంలో 22.5 నొక్కుడు, ఎడమ స్తంభంలో 22.5 లాగుడు. రెండు ఏటవాలు కడ్డీలూ భారాన్ని సగం సగం పంచుకున్నాయి, ఒకటి లాగుడుగా, ఇంకొకటి నొక్కుడుగా.

ఈ పద్ధతిలో విద్యార్థులు తరచూ పడే పొరపాటు ఒకటుంది. రెండోసారి కూడేటప్పుడు, కోసిన కడ్డీ కదా అని బి-డి వంతు 0.025ను వదిలేస్తారు. అప్పుడు జవాబు దాదాపు 52.8 వస్తుంది. దాంతో మిగతా బలాలన్నీ లెక్కకట్టి జాయింటు జాయింటుకూ సరిచూస్తే అన్నీ చక్కగా సరిపోతాయి! ఎందుకంటే అసలు లోడు బలాలు విడిగా సమతౌల్యంలో ఉన్నాయి, యూనిట్ బలాలు కూడా ఉన్నాయి. రెండోవాటిని ఏ సంఖ్యతో గుణించి కలిపినా సమతౌల్యం చెడదు. సున్నాతో గుణించినా సరే, నూటితో గుణించినా సరే. కాబట్టి జాయింట్ల పరీక్ష ఈ తప్పును ఎన్నటికీ పట్టుకోలేదు.

పట్టుకునేది పొడవుల పరీక్ష. చివరి బలాల నుంచి ఆరు కడ్డీల పొడవు మార్పులూ కట్టి, ఒక్కోదాన్ని దాని యూనిట్ బలంతో గుర్తులతో సహా గుణించి కూడాలి. మొత్తం సున్నా రావాలి. మన జవాబుతో చేస్తే పై కడ్డీ వంతును కింది కడ్డీ వంతు, ఒక స్తంభాన్ని ఇంకో స్తంభం, ఒక ఏటవాలు కడ్డీని రెండోది సరిగ్గా కొట్టేస్తాయి. 52.8తో చేస్తే 1.32 మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. అంటే ఆ చట్రంలో బి-డి కడ్డీ తన చోట అతకదు.

అదనపు కడ్డీ ఉన్న చట్రానికి ఇంకో గుణం ఉంది. మూడు కాళ్ల పీట ఎగుడుదిగుడు నేలమీద కూడా కుదురుగా నిలుస్తుంది, నాలుగు కాళ్లదానికి ఒక కాలు పొట్టిదైతే చాలు, కాళ్ల మీద పడే బరువులు మారిపోతాయి. ఇక్కడా అంతే. వర్క్‌షాపులో బి-డి కడ్డీని 2 మిల్లీమీటర్లు పొట్టిగా కోశారనుకుందాం. బోల్టు రంధ్రాలు కలవకపోతే బలవంతంగా లాగి బిగిస్తారు. 2 ÷ 0.0864 అంటే దాదాపు 23 కిలోన్యూటన్ల లాగుడు, గాలి వీచకముందే, ఏ లోడూ పడకముందే, ఆ కడ్డీలో ఉండిపోతుంది. ఎ-సిలోనూ అంతే లాగుడు పుడుతుంది, చుట్టూ ఉన్న నాలుగు కడ్డీలూ నొక్కుడులో పడతాయి. ఏటవాలు కడ్డీ ఒక్కటే ఉన్న చట్రంలో ఇదే తప్పు జరిగితే ఆకారం కొంచెం వంకర తిరుగుతుందంతే, లోపల బలమేదీ పుట్టదు.

కడ్డీ లావు కూడా పంపకాన్ని మారుస్తుంది. బి-డిని రెట్టింపు వైశాల్యంతో వేస్తే దాని వంతు 0.025 నుంచి 0.0125కు తగ్గి, మొత్తం 0.0739 అవుతుంది. జవాబు 43.8కి పెరుగుతుంది. లోహం రెట్టింపైనా కడ్డీలో ఒత్తిడి సగానికి తగ్గలేదు. గట్టిపడిన కడ్డీ తనవైపుకు ఎక్కువ భారాన్ని లాక్కుంది. పాత కట్టడాల్లో ఒక కడ్డీని బలపరిచేవాళ్లు మిగతా కడ్డీల లెక్క కూడా మళ్లీ వేయాల్సింది ఇందుకే.

ఇంతవరకూ వేసిన లెక్కంతా ఒక నమ్మకం మీద నిలబడి ఉంది: నొక్కినా లాగినా కడ్డీ ఒకే తీరుగా ప్రవర్తిస్తుందని. సన్నని కడ్డీ అలా ఉండదు. 1000 చదరపు మిల్లీమీటర్ల వైశాల్యం అంటే దాదాపు 36 మిల్లీమీటర్ల గుండ్రటి రాడ్డు. 5 మీటర్ల పొడవున్న అలాంటి రాడ్డు, మధ్యలో ఏ పట్టూ లేకపోతే, ఆయిలర్ సూత్రం ప్రకారం 6 కిలోన్యూటన్లు దాటేసరికే పక్కకు వంగిపోతుంది. 37.5 దాకా రానే రాదు. రెండు రాడ్లనూ దాటుకునే చోట కలిపి బిగిస్తే వంగే పొడవు సగమై, తట్టుకునే బలం నాలుగు రెట్లు, అంటే 25 కిలోన్యూటన్లు అవుతుంది. అదీ చాలదు.

వంగిన రాడ్డు ఆ 6 కిలోన్యూటన్ల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఎ-సి మీద 37.5 బదులు దాదాపు 69 పడుతుంది. సగం సగమని నమ్మి 37.5కే ఎ-సిని తయారుచేస్తే ప్రమాదం అక్కడే. అందుకే సన్నని రాడ్లతో ఇలాంటి బిగింపు వేసేటప్పుడు ఇంజనీర్లు నొక్కుడు కడ్డీని అసలు లెక్కలోకే తీసుకోరు. గాలి ఎడమనుంచి వస్తే ఎ-సి ఒక్కటే పూర్తి 75 మోయాలి, కుడినుంచి వస్తే బి-డి ఒక్కటే 75 మోయాలి అని రెండింటినీ లాగుడుకే తయారుచేస్తారు. పొడవులు పొసగే లెక్క అప్పుడు అక్కర్లేదు. నొక్కినా వంగని మందపాటి యాంగిల్స్‌తో, పెట్టెలాంటి సెక్షన్లతో కట్టినప్పుడు మాత్రం రెండు కడ్డీలూ నిజంగానే పనిచేస్తాయి, కోసి చూసే ఈ లెక్కతోనే వాటి వంతులు తేల్చాలి.